సీటీసీ 20,000, చేతికి 13,087

ఈసారి రాసింది రవంత పొడుగు. కాఫీ పెట్టుకొని కూర్చొని చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు ఇంట్లో మాట్లాడిందే తప్ప, అక్షరాలు నేర్చుకున్నది రిటైర్ అయినంక మన సంఘం ఆదివారం క్లాసులోనే. కాబట్టి తప్పులుంటే దిద్దండి, తిట్టొద్దండి.

విషయం ఒక ఉద్యోగం కాగితం గురించి. మన కోయంబత్తూరులో మా వీధి చివర ఉండే ఒక బిడ్డ, నాకు తమ్ముడి వరసయ్యే అతని కూతురు. పేరు రాయొద్దు పెద్నాయనా అనింది, రాయను. ముప్పై నాలుగేళ్ళు. భర్త లేడు. పదేళ్ళ కూతురు, చక్కెర వ్యాధి ఉండే తల్లి, ఇద్దరినీ ఈ బిడ్డే చూసుకోవాల. ఒక కల్యాణ మండపంలో ఆరేండ్లుగా శుభ్రం చేసే పని. నెలకు 12,400, చేతిలో దుడ్డుగా. ఆర్డర్ లేదు, రసీదు లేదు, పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు.

పోయిన డిసెంబరు రెండో వారంలో ఒక సాయంత్రం తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఇంటికి వచ్చినారు. ముఖంలో సంతోషం. "అన్నా, బిడ్డకు సూపర్‌వైజర్ పని దొరికింది, ఇరవై వేలు సంబళం" అని తల్లి నా చేతికి ఒక కవరు ఇచ్చింది. సరవణంపట్టిలో ఐటీ ఆఫీసులు ఉండే ఒక పెద్ద బిల్డింగ్. అక్కడ శుభ్రం పని ఒక కాంట్రాక్ట్ కంపెనీది. ఆ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ అది. రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. చివర సంతకం చేసి మూడు రోజుల్లో ఇవ్వాల, ఏడు రోజుల్లో పనిలో చేరాల అని ఉండింది.

ఆ కాగితం చూస్తానే నాకు 1982 గుర్తుకొచ్చింది. రైల్వేలో నాకు వచ్చిన ఆర్డర్ కూడా ఇంగ్లీషే. నేను ఎస్‌ఎస్‌ఎల్‌సీ దాకా చదివిన తమిళంలో ఆ మాటలు ఏవీ లేవు. వీధిలో ఒక మాస్టారి దగ్గరికి తీసుకుపోతే ఆయన "టెంపరరీ" అనే ఒక్క మాట చదివి చెప్పినాడు. మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. గవర్నమెంటు పని అనుకుంటే నాలుగు రోజుల పనా అని ఏడ్చింది. చేరినంక మా హెడ్ క్లర్క్ కూర్చోబెట్టి చెప్పినాడు. "మొదట అందరికీ అట్లానే రాస్తారు. పరీక్షాకాలం అయినంక కన్ఫర్మ్ చేస్తారు. కాగితం చదివేటప్పుడు ఒక మాట పట్టుకొని ఏడ్వవద్దు, ఒక మాట పట్టుకొని నవ్వవద్దు. ప్రతి వరస పక్కన పెన్సిల్‌తో ఎంత, ఎప్పుడు, ఎవరు ఎవరికి అని రాసుకో." తర్వాత ముప్పై ఏడేళ్ళు నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో, జీతాల బిల్లుల్లో చేసిన పని ఆ పెన్సిల్ పనే.

ఆ పొద్దు కూడా పెన్సిల్ తీసుకున్నాను.

మొదట సంబళం. లెటర్‌లో "సీటీసీ నెలకు 20,000" అని పెద్ద అక్షరాల్లో ఉంది. సీటీసీ అంటే కంపెనీకి ఈ మనిషి మీద అయ్యే మొత్తం ఖర్చు. మన చేతికి వచ్చే దుడ్డు కాదు. వెనక పేజీలో చిన్న పట్టిక ఉంది. దాన్ని అట్లే కింద రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు మన పిల్లలకు వచ్చే ఇట్లాంటి లెటర్లన్నీ ఇంచుమించు ఈ మాదిరే ఉంటాయి.

బేసిక్, డీఏ కలిపి 15,000.
కంపెనీ కట్టే పీఎఫ్, దాని ఇతర చార్జీలతో 1,950.
కంపెనీ కట్టే ఈఎస్‌ఐ 488.
బోనస్ 1,250.
గ్రాట్యుటీ 722.
యూనిఫారం, ట్రైనింగ్ 590.
మొత్తం 20,000.

ఇప్పుడు పెన్సిల్. పీఎఫ్‌లో కంపెనీ వాటా నూటికి 12. దాని పైన ఇన్సూరెన్సుకు అర, ఆఫీసు ఖర్చుకు అర, మొత్తం 13. పదిహేను వేలకు 1,950. లెక్క సరి. అందులో నూటికి 12 ఆ బిడ్డ పేరు మీదనే జమ అవుతుంది, దానిలో ఒక భాగం పెన్షన్‌కు పోతుంది. కాబట్టి మంచిదే, కాని నెల నెలా చేతికి రాదు. ఈఎస్‌ఐ కంపెనీ వాటా నూటికి మూడుంబాతిక, అంటే 488. అదీ చేతికి రాదు, వైద్యంగా వస్తుంది. బోనస్ ఏడాదికి ఒకసారి దీపావళికి వస్తుంది, దాన్ని పన్నెండు భాగాలు చేసి ఇక్కడ చేర్చినారు.

గ్రాట్యుటీ దగ్గర పెన్సిల్ నిలబెట్టినాను. పర్మనెంట్ మనిషికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేండ్లు విడవకుండా ఒకే యజమాని దగ్గర పనిచేసి ఉండాల. ఇన్నేండ్లకే అని గడువు రాసి ఇచ్చిన ఉద్యోగమైతే కొత్త చట్టంలో ఒక్క ఏడాది చాలు. ఈ లెటర్‌లో గడువు ఏమీ లేదు, కాబట్టి ఐదేండ్ల లెక్కే. మూడేండ్లకు మానుకుంటే నెలకు 722 చొప్పున 25,992 "నీ సంబళంలో ఉంది" అని రాసినదంతా గాలి. కాగితం మీద ఇచ్చి, చేతికి ఇవ్వనిది అది.

ఇంక మిగిలింది 15,000. అందులో ఆ బిడ్డ కట్టాల్సిన పీఎఫ్ నూటికి 12, అంటే 1,800. ఈఎస్‌ఐ నూటికి ముక్కాలు, అంటే 113. ఈ రెండూ పోతే చేతికి 13,087. కార్పొరేషన్‌కు ఆరు నెలలకొకసారి కట్టే వృత్తి పన్ను వేరే.

నేను ఆ అంకె రాసి గుండ్రంగా గీత గీసి కాగితం తల్లి ముందు పెట్టినాను. ఆమె చాలాసేపు చూసింది. "ఇరవై వేలు అనినారే అన్నా" అనింది. ఇప్పుడు వచ్చేది 12,400. కొత్త పనిలో 13,087. తేడా 687 రూపాయలు. దానికి మూడు షిఫ్టులు, పదునాలుగు మంది పనివాళ్ళ మీద జవాబుదారీ, బాత్రూం చెక్‌లిస్టు, సామాను స్టాక్, అన్నీ.

నాకు కోపం వచ్చింది. "ఇది వద్దమ్మా, మండపంలోనే ఉండు" అని చెప్పడానికి నోరు తెరిచినాను. అప్పుడు ఆ బిడ్డ అనింది. "పెద్నాయనా, ఈఎస్‌ఐ ఉంది కదా. అమ్మకు నెలకు మాత్రలకే పద్దెనిమిది వందలు అవుతుంది."

నేను నోరు మూసుకున్నాను. అవును. ముప్పై ఏడేళ్ళు రైల్వే ఆసుపత్రిలో చీటీ రాయించుకొని మందులు తెచ్చుకున్నవాడికి ఆ వరస విలువ తెలియలేదు. సంబళం 21,000 లోపల ఉండేవాళ్ళకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. వాళ్ళ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంటుంది. సింగానల్లూరులో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. అమ్మ పేరును కుటుంబ వివరాల్లో చేర్చితే ఆ పద్దెనిమిది వందలు మిగులుతాయి. పైగా పీఎఫ్‌లో నెలకు రెండు వాటాలు పడతాయి. మండపంలో ఆరేండ్లు చేసి ఆ బిడ్డ పేరు మీద ఒక్క పైసా లేదు. నేను సీటీసీని తిట్టి కాగితం మూసేసి ఉంటే పెద్ద తప్పు అయ్యుండేది. 20,000 అనేది ఎట్ల అబద్ధమో, 687 అనేది కూడా అట్లే సగం నిజం.

సరే, చేరేదే అని అనుకున్నాము. అయితే కాగితంలో మిగిలిన మూడు వరసలు ఉన్నాయి. ఏడిపించేది అవే.

మొదటిది షిఫ్టు. పొద్దున 6 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10, రాత్రి 10 నుంచి పొద్దున 6. వారం వారం మార్పు. దాని కింద ఒక వాక్యం: తర్వాతి షిఫ్టు సూపర్‌వైజర్ వచ్చి బాధ్యత తీసుకునేవరకు ఈ షిఫ్టు సూపర్‌వైజర్ స్థలం విడవరాదు. చదివితే న్యాయంగానే ఉంది. మా రైల్వేలో కూడా రిలీవర్ రాకుండా పోకూడదు. కాని మాకు ఆ అదనపు గంటలు రాసుకునే రిజిస్టరు ఉండేది, ఓవర్‌టైం ఉండేది. ఈ లెటర్‌లో విడవరాదు అని ఉంది, ఆగిన గంటలకు దుడ్డు ఇస్తాము అని లేదు. చట్టం ప్రకారం మామూలు గంటల పైన చేసిన పనికి రెండింతలు ఇవ్వాల. నేను లెక్క వేసి ఇచ్చినాను: 15,000ను 26 రోజులకు, ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 72 రూపాయలు. రెండింతలు 144.

రాత్రి షిఫ్టు మాట కూడా ఉంది. రాత్రి ఏడు తర్వాత, పొద్దున ఆరుకు ముందు ఆడవాళ్ళను పనిలో పెట్టాలంటే వాళ్ళ సమ్మతి ఉండాల, భద్రత ఏర్పాట్లు ఉండాల. లెటర్ కింద సంతకం పెడితే అదే సమ్మతి అయిపోతుంది. మనకు టౌన్ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు, అది పగటికి బాగుంది. రాత్రి పదిన్నరకు సరవణంపట్టిలో ఆ బస్సు ఎక్కడ? కంపెనీ వ్యాను ఉందా, ఇంటి వీధి దాకా వస్తుందా, మెయిన్ రోడ్డులో దింపుతుందా? కాగితంలో ఒక్క మాట లేదు.

రెండోది యూనిఫారం. రెండు జతల ప్యాంటు షర్టు, ఒక జత బూట్లు, ఐడీ కార్డు. "యూనిఫారం డిపాజిట్ 1,500, మొదటి మూడు నెలల సంబళంలో నెలకు 500 చొప్పున పట్టుకోబడును." అంటే మొదటి మూడు నెలలు చేతికి 12,587. మండపం సంబళం కన్నా 187 ఎక్కువ. నేను పట్టిక మళ్ళీ చూసినాను. అక్కడ యూనిఫారం, ట్రైనింగ్ అని నెలకు 590 ముందే సీటీసీలో చూపించినారు. ఏడాదికి 7,080. రెండు జతల బట్టలకు ఏడు వేలు ఒకసారి మన లెక్కలో రాసి, మళ్ళీ పదిహేను వందలు మన సంబళంలో పట్టుకుంటారు. ఒకే చొక్కాను రెండు సార్లు అమ్మినట్ల. ఇంకొకటి, డిపాజిట్ అని రాసినారు గాని తిరిగి ఇస్తామని రాయలేదు. సంబళంలో ఏమేమి పట్టుకోవచ్చో చట్టంలో జాబితా ఉంది: పీఎఫ్, ఈఎస్‌ఐ, పనికి రాని రోజులు, ముందుగా తీసుకున్న అడ్వాన్సు, అప్పగించిన వస్తువు పోగొడితే నష్టం, ఇట్లా. యూనిఫారం డిపాజిట్ అనే వరస అందులో లేదు.

మూడోది పరీక్షాకాలం, నోటీసు. ఈ రెండూ వేరే వేరే పేరాల్లో ఉన్నాయి, కాని కలిపి చదవాల. ప్రొబేషన్ ఆరు నెలలు. యాజమాన్యం ఇష్టప్రకారం పొడిగించవచ్చు. రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్‌లోనే ఉన్నట్ల. ప్రొబేషన్‌లో కంపెనీ 24 గంటల నోటీసుతో తీసెయ్యవచ్చు. ఇంకొక పేరాలో, ఉద్యోగి ఎప్పుడు మానుకున్నా 30 రోజుల నోటీసు ఇవ్వాల, లేదా ఒక నెల సంబళం కట్టాల. పెన్సిల్‌తో పక్కన రాసినాను: వాళ్ళు మనకు ఒక్క రోజు, మనం వాళ్ళకు ముప్పై రోజులు. 1982లో మా అమ్మను ఏడిపించిన నా ఆర్డర్‌లో కూడా నోటీసు ఉండింది, కాని అది రెండు వైపులకూ ఒకటే.

ఆ బిడ్డ అడిగింది. "అట్లయితే ఐదో నెల కడాన తీసేస్తే ఏం చేసేది? మండపంలో నా చోటు వేరేవాళ్ళకు పోయుంటుంది." దానికి జవాబు చెప్పడానికి నేను రెండు రోజులు తీసుకున్నాను. లేబర్ ఆఫీసులో పనిచేసి రిటైర్ అయిన ఒక తమిళ మిత్రుణ్ణి అడిగినాను. ఆయన చెప్పింది ఇది. మన తమిళనాడులో 1947 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని 41వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలకు తక్కువ కాకుండా విడవకుండా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, ఒక నెల నోటీసు గాని దానికి బదులు సంబళం గాని ఇవ్వకుండా తీసెయ్యకూడదు. ప్రొబేషన్‌ను తొమ్మిది నెలలు చేసినా, పన్నెండు నెలలు చేసినా, చట్టం లెక్కపెట్టేది పని చేసిన ఆరు నెలలనే. కాని ఆరు నెలలు నిండకముందు ఆ కాపుదల లేదు. ఆ ఆరు నెలలకు మనకు ఉండేది లెటర్‌లో రాసిన మాట ఒకటే. అందుకే ఆ మాటను చేరకముందే మార్పించుకోవాల.

మిత్రుడు ఇంకొకటి కూడా చెప్పినాడు. సూపర్‌వైజర్ అనే పేరుకు ఒక ధర ఉందట. పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు 18,000 కన్నా ఎక్కువ వేతనం తీసుకుంటే, కార్మిక వివాదాల చట్టంలో ఆ మనిషి కార్మికుల లెక్కలోకి రాడు. తీసేస్తే ఆ దారిలో పోరాడలేడు. ఈ బిడ్డ వేతనం 15,000. కాబట్టి లోపలే ఉంది. పైగా పేరు ఏమైనా, నిజంగా చేసే పని ఏమిటని చూస్తారు. చేతిలో మాపు పట్టుకొని తుడిచే సూపర్‌వైజర్ ఉత్త సూపర్‌వైజర్ కాదు. రేపు ఎవరికైనా "సీటీసీ 25,000, సూపర్‌వైజర్" అని లెటర్ వస్తే ఈ గీత గుర్తుంచుకోండి.

మూడో రోజు పొద్దున ఆ బిడ్డ, నేను ఇద్దరమూ కంపెనీ ఆఫీసుకు పోయినాము. గాంధీపురంలో ఒక మేడ మీద చిన్న ఆఫీసు. హెచ్‌ఆర్ అబ్బాయికి ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉంటుంది. మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించినాడు. నేను మాట్లాడకూడదు అని ముందే అనుకొని పోయినాను. పని చేసేది ఆమె, మాట్లాడేది కూడా ఆమెనే. ఇంట్లో తమిళంలో ఒక కాగితం మీద ఐదు విషయాలు రాసుకున్నాము. ఆమె దాన్ని చూసి ఒక్కొక్కటి అడిగింది.

చేరే తేదీ ఏడు రోజులు కాదు, జనవరి 5 అని మార్చండి, మండపంలో పెళ్ళిళ్ళు ఒప్పుకొని ఉన్నాను అనింది. వెంటనే సరే అన్నాడు. ప్రొబేషన్‌లో నోటీసు ఇద్దరికీ ఒకటే పెట్టండి అనింది. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి ఏడు రోజులు, రెండు వైపులా అన్నాడు. యూనిఫారం డిపాజిట్ గురించి సీటీసీ పట్టిక చూపించి "అన్నా, ఇది ఇక్కడ ఒకసారి, అక్కడ ఒకసారి ఉంది కదా" అనింది. ఆ అబ్బాయి పట్టిక చూసి, లెటర్ చూసి, కొంచెం ఎర్రబడినాడు. డిపాజిట్ తీసెయ్యడానికి నాకు అధికారం లేదక్కా, మానేటప్పుడు యూనిఫారం తిరిగి ఇస్తే డిపాజిట్ తిరిగి ఇస్తామని రాసిస్తాను అన్నాడు. ఓవర్‌టైం గురించి "చట్టప్రకారం" అని రెండు మాటలు చేర్చినాడు. రాత్రి వ్యాను విషయంలో ఉంది, వస్తుంది అన్నాడే తప్ప కాగితం మీద రాయలేదు. సీటీసీ అంకె గురించి మేము అడగలేదు. అది మారదని తెలుసు.

ఇవన్నీ నోటితో కాదు. కొత్త లెటర్ ప్రింటు తీసి సీలు వేసి ఇచ్చినాడు. ఇక్కడ ఒక మాట. ఆఫర్ లెటర్ వేరు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ వేరు. చాలా ఆఫర్ లెటర్లలో "వివరమైన నియామక పత్రం చేరిన తర్వాత ఇవ్వబడును" అని ఉంటుంది. దీనిలో కూడా ఉండింది. 2025 నవంబరు 21 నుంచి అమలైన కొత్త కార్మిక చట్టాల్లో నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఆఫర్‌లో మార్పించుకున్న మాటలు ఆర్డర్‌లో పాత మాటలుగా తిరిగి రావచ్చు. అందుకే చేరిన రోజు ఆర్డర్ వస్తానే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవమని చెప్పినాను. ఆ బిడ్డ చదివింది. నోటీసు వరస మళ్ళీ 24 గంటలు, 30 రోజులు అని వచ్చి ఉండింది! పాత ఫారం వాడేసినారు, కావాలని కాదేమో. సంతకం పెట్టకుండా ఆఫర్ లెటర్ చూపించి మార్పించుకుంది. నేను ఆ రోజు ఊళ్ళో లేను. ఆమె ఒక్కతే చేసింది.

ఇది జరిగి ఏడు నెలలు అయింది. మధ్యలో రెండు సంగతులు జరిగినాయి, అవి కూడా చెప్పి ముగిస్తాను.

మార్చిలో రాత్రి సూపర్‌వైజర్ ఒకతను తరచుగా గంట, గంటన్నర ఆలస్యంగా వచ్చేవాడట. ఈ బిడ్డ రాత్రి పదకొండున్నర దాకా ఆగాల్సి వచ్చేది. నేను చెప్పిన ప్రకారం ఒక చిన్న నోట్‌బుక్కులో తేదీ, ఎంతకు రిలీవ్ అయింది రాసి, గేటు సెక్యూరిటీ రిజిస్టరులో కూడా బయటికి పోయే టైము సరిగ్గా వేయించుకుంది. నెల కడాన చూస్తే మొత్తం 16 గంటలు. రెండింతల లెక్కలో 2,308 రూపాయలు. అడిగితే సైటు మేనేజరు "సూపర్‌వైజర్లకు ఓటీ లేదమ్మా" అన్నాడు. ఆమె ఆర్డర్‌లో "ఓవర్‌టైం చట్టప్రకారం" అనే రెండు మాటలు ఫోటో తీసి హెచ్‌ఆర్ అబ్బాయికి పంపింది, నోట్‌బుక్కు పేజీలతో సహా. ఏప్రిల్ చీటీలో రాలేదు. మే చీటీలో "అరియర్ 2,308" అని వచ్చింది. దానికన్నా మేలు, రాత్రి అతను ఇప్పుడు పది కొట్టకముందే వచ్చేస్తున్నాడట.

రెండోది జూన్ కడాన. ప్రొబేషన్ ఇంకా మూడు నెలలు పొడిగించడమైనది అని ఒక లెటర్ వచ్చింది. కారణం రాయలేదు. ఆమె తల్లి మళ్ళీ కాగితం పట్టుకొని పరుగెత్తి వచ్చింది. ముఖం మా అమ్మ ముఖం మాదిరే ఉండింది. నేను తేదీలు చూసినాను. జనవరి 5న చేరింది, జూలై 4తో ఆరు నెలలు నిండుతుంది. అది నిండినంక ఒక్క రోజు నోటీసుతో గాని ఏడు రోజుల నోటీసుతో గాని పంపడానికి చట్టం ఒప్పదు, కాగితం ఏమి చెప్పినా. ఆ విషయం ఆమెకు చెప్పినాను. పొడిగింపుకు కారణం తెలపవలసిందని తమిళంలో నాలుగు వాక్యాల ఉత్తరం రాసి, ఒక కాపీ మీద అందినట్ల సంతకం వేయించుకుంది. జవాబు ఇంకా రాలేదు. జూలై 4 దాటింది. సంబళం వచ్చింది. ఆమె పనికి పోతా ఉంది.

డిపాజిట్ 1,500 పట్టుకున్నారు. అది వస్తుందో రాదో మానే రోజు తెలుస్తుంది. రాత్రి వ్యాను మెయిన్ రోడ్డు దాకానే వస్తుంది, కాగితంలో రాయించుకోలేక పోయినాము కదా, దాన్ని పట్టి అడగలేక పోతున్నాము. ఆ వారాల్లో తల్లి టార్చి తీసుకొని రోడ్డు దాకా పోయి నిలబడుతుంది. చక్కెర మాత్రలు మాత్రం సింగానల్లూరు నుంచి వస్తున్నాయి.

మన సంఘంలో ఎంతోమంది పిల్లలు ఇప్పుడు మాల్, ఆసుపత్రి, ఐటీ బిల్డింగ్ కాంట్రాక్టుల్లో చేరుతున్నారు. లెటర్ వస్తే సంతకం పెట్టేముందు తీసుకొని రండి. ఆదివారం తెలుగు క్లాసు పదకొండు గంటలకు అయిపోతుంది. నేను పన్నెండు దాకా హాల్లోనే ఉంటాను. పెన్సిల్ నా దగ్గరే ఉంది.